కొట్టివేత

ఆరు నెలలుగా నలుగుతున్న కథ ఒకటి మొన్న పూర్తయింది. అందులో తల్లి ఐదో తరగతితో బడి మానేసింది. కొడుకు ఏడో తరగతి. వాడు నిద్రపోయాక హోంవర్కు నోట్సు తెరిచి, ఒక్కో పేజీని ఫోన్లో ఫోటో తీసుకుంటుంది. మర్నాడు మధ్యాహ్నం కుట్టుమిషను ఆపి, ఆ ఫోటోలను వేళ్లతో పెద్దవి చేసుకుని చూస్తుంది.

మొదటిసారి రాసినప్పుడు ఆమెకు మూడు నెలల్లో బీజగణితం వచ్చేసింది. చదువుకుంటే అబద్ధమనిపించింది. లెక్క అర్థం కాని మనిషికి ఆ పేజీలో ఏం కనిపిస్తుంది? చాలా రోజులు అక్కడే ఆగిపోయాను. చివరికి మా అమ్మాయి పాత నోట్సులు ముందేసుకుని కూర్చున్నాను. ఒక్క పేజీ చూస్తే ఒక ఇంటు మార్కు, అంతే. ఇరవై పేజీలు వరసగా తిప్పితే ఆ మార్కులు చాలావరకు ఒకేచోట పడ్డాయి: బ్రాకెట్ ముందు మైనస్ ఉన్నచోట. అది పట్టుకోవడానికి లెక్క వచ్చి ఉండనక్కర్లేదు. ఓపిగ్గా పక్కపక్కన పెట్టి చూస్తే చాలు. నా కథకు తల్లి అప్పుడు దొరికింది.

కథలో లెక్క ఇది. వంద రూపాయలతో మూడు కొబ్బరికాయలు కొన్నారు. కాయ ధర x, ఒక్కోదానికి రెండు రూపాయలు తగ్గించారు, నలభై మిగిలింది. 100 − 3(x − 2) = 40. కుర్రాడు బ్రాకెట్ విప్పి 100 − 3x − 6 అని రాశాడు. దాంతో 94 − 3x = 40, x = 18. చూడ్డానికి ఎంతో శుభ్రంగా ఉంది.

తల్లికి x తెలియదు, సంత తెలుసు. పైన మాటల్లో ఉన్నది చదివి అడుగుతుంది:

"కాయ పద్దెనిమిదైతే, తగ్గించాక పదహారు. మూడింటికీ నలభై ఎనిమిది. నా చేతిలో యాభై రెండు మిగలాలి కదా నాన్నా? నలభై అన్నాడేంటి?"

"నీకు అర్థం కాదులే అమ్మా."

"తగ్గించిన ఆరు రూపాయలు ఎవరి దగ్గరున్నాయి?"

"నీ దగ్గరే."

"మరి వాటిని కూడా నా వందలోంచి తీసేశావేంరా?"

వాడు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత −6ను +6 చేశాడు. 106 − 3x = 40, x = 22. ఆమె మళ్లీ వేళ్ల మీద లెక్కేసింది. ఇరవై, మూడింటికి అరవై, మిగిలింది నలభై.

ఈ సంభాషణ రాశాక కూడా ఒకటి మిగిలిపోయింది. రబ్బరుతో చెరిపేసింది ఫోటోలో పడదు. పిల్లాడు తప్పు దిద్దుకున్న ప్రతిసారీ, వాడు ఏమనుకుని అలా రాశాడో తల్లికి తెలిసే దారి మూసుకుపోతుంది. అందుకే ముగింపు మార్చాను. వాడు రబ్బరు అందుకోబోతుంటే ఆమె చెయ్యి అడ్డుపెట్టి, "చెరపకురా, కొట్టెయ్" అంటుంది. ఆ రాత్రి తీసిన ఫోటోలో ఒక్క అడ్డగీత కింద −6 ఇంకా కనిపిస్తూనే ఉంది, దాని నెత్తిన చిన్నగా +6.