గెలిచిన ఆటలో చివరి ప్రశ్న

చదరంగంలో ఎత్తు వేయాల్సిన ఆటగాడి రాజుకు చెక్ లేకుండా, అతని బలగంలో దేనికీ కదలిక లేకపోతే అది స్టేల్‌మేట్. ఎదుటివాడికి మంత్రి మిగిలినా, రెండు ఏనుగులు మిగిలినా ఆట డ్రానే. ఓడిపోతున్నవాడికి ఇదే ఆఖరి ఆశ్రయం.

ఎక్కువ ఆటలు జారిపోయేది ఒంటరి రాజును మంత్రితో మూలకు తరిమేటప్పుడు. నల్లరాజు h8లో ఉన్నాడనుకుందాం. తెల్లమంత్రి g6కి వస్తే g8, g7, h7 మూడు గడులూ మూసుకుపోతాయి, చెక్ మాత్రం ఉండదు. ఆట అక్కడితో ముగుస్తుంది. మూలలోని రాజుకు సరిగ్గా గుర్రపు గెంతు దూరంలో మంత్రి నిలవడమే ఈ ప్రమాదానికి గుర్తు. మంత్రిని e7లో నిలిపితే ఈ బెడద ఉండదు. నల్లరాజు g8, h8 గడుల మధ్య తిరుగుతూ ఉంటాడు, అతనికి ఎప్పుడూ ఒక ఎత్తు మిగిలే ఉంటుంది. ఈలోగా తెల్లరాజు నింపాదిగా g6కి చేరితే, ఆ తర్వాతి ఎత్తులో మంత్రి g7లోనో e8లోనో ఆటకట్టు చేస్తుంది.

ప్రతి ఎత్తులోనూ చెక్ ఇస్తే స్టేల్‌మేట్ రాదని కొత్తవారికి చెబుతుంటారు. రాజుకు చెక్ ఉన్నంతసేపు స్టేల్‌మేట్ కాదన్నది నిజమే. కానీ గురిలేని చెక్‌లతో రాజు బోర్డంతా తిరుగుతాడే తప్ప ఆట తెగదు. అంతకంటే ఉపయోగపడేది ఒక ప్రశ్న: ‘నా ఎత్తు తర్వాత ఎదుటివాడికి వేయడానికి ఏముంది?’ అయితే అసలైన ఎత్తుగడలు ఈ ప్రశ్నకు కూడా చిక్కవు. అక్కడ ఓడిపోతున్నవాడికి కదిలే పావు ఒకటి ఉంటుంది. దాన్ని అతను కావాలనే బలిస్తాడు.

దీనికి 1895 నాటి ఒక ముగింపు ఆటను మించిన పాఠం లేదు. జార్జ్ బార్బియే గ్లాస్గో పత్రికలో నడిపిన చదరంగం శీర్షికలో ఈ స్థితి డ్రా అని వేశాడు. కీలక ఘట్టంలో తెల్లరాజు c2లో, తెల్లబంటు c7లో ఉన్నాయి. నల్లరాజు a1లో, నల్ల ఏనుగు d4లో ఉన్నాయి. బంటు c8కి చేరి మంత్రి అయితే నల్ల ఏనుగు c4కి వచ్చి చెక్ ఇస్తుంది. అది రాజునూ మంత్రినీ ఒకేసారి పట్టుకుంటుంది కాబట్టి, మంత్రి దాన్ని కొట్టక తప్పదు. కొట్టగానే c4లోని మంత్రి a2ను, c2లోని రాజు b1, b2లను మూసేస్తారు. నల్లరాజు కదలలేడు, ఆట డ్రా.

అప్పట్లో గ్లాస్గోలో ఉంటున్న ఫెర్నాండో సావెద్రా అనే స్పెయిన్ మతగురువు దీనికి గెలుపు కనిపెట్టాడు. బంటును మంత్రిగా కాక ఏనుగుగా మార్చాలి. ఏనుగు ఏటవాలుగా చూడదు. నల్ల ఏనుగు మళ్లీ c4లో బలికి వస్తే, తెల్ల ఏనుగు కొట్టాక కూడా నల్లరాజుకు a2 గడి మిగులుతుంది. అక్కడికి వెళితే a4లో ఏనుగు చెక్‌తో ఆటకట్టు. బలి ఇవ్వకపోయినా, తెల్ల ఏనుగు a8కి వెళ్లే బెదిరింపు ఉంది. దాన్ని ఆపడానికి నల్ల ఏనుగు a4కి వస్తే, తెల్లరాజు b3కి జరుగుతాడు. ఆ ఒక్క ఎత్తుతో ఏనుగుపై దాడి, c1లో ఆటకట్టు బెదిరింపు రెండూ వస్తాయి. నల్లవాడు రెండింటినీ కాచుకోలేడు. ఇక్కడ గెలిపించింది తక్కువ బలం.

అగ్రశ్రేణి ఆటగాళ్లూ ఈ ఉచ్చులో పడ్డారు. 1963–64 అమెరికా ఛాంపియన్‌షిప్‌లో శామ్యూల్ రెషెవ్‌స్కీ గెలుపు స్థితిలో ఉండి, 48వ ఎత్తులో మంత్రిని g3కి తెచ్చాడు. ఎదుట ఉన్న లారీ ఎవాన్స్ రాజు h1లో బందీ, అతని బంట్లన్నీ కదలకుండా ఆగిపోయి ఉన్నాయి. కదలగలిగినవి మంత్రి, ఏనుగు రెండే. ఎవాన్స్ ముందు మంత్రిని g8లో చెక్‌తో బలిచ్చాడు, తర్వాత ఏనుగును g7లో చెక్‌తో పెట్టాడు. ఆ ఏనుగును కొడితే స్టేల్‌మేట్. కొట్టకుండా తప్పించుకుంటే అది ఏడో వరుసలో చెక్‌లు ఇస్తూనే ఉంటుంది. రెండు దారులూ డ్రాకే.

అందుకే గెలుస్తున్నవాడు వేసుకోవాల్సిన ప్రశ్నను ఒక మెట్టు పొడిగించాలి: ‘ఎదుటివాడి చివరి పావును నేను కొట్టాక అతనికి ఏం మిగులుతుంది?’ అతని రాజు ఇరుక్కున్నాడని, బంట్లు ఆగిపోయాయని కనిపించినప్పుడల్లా ఇది అడగాలి. ఏమీ మిగలదని తేలితే మందు మూడు రకాలు. ఎదుటి రాజుకు ఒక గడి వదలడం, అతని బంటు ఒకటి కదిలేలా ఉంచడం, కొత్తగా వచ్చే పావును మంత్రి కాకుండా ఏనుగుగా తీసుకోవడం. మూడింటిలోనూ చేసే పని ఒకటే. ఎదుటివాడికి ఒక ఎత్తు మిగిల్చి, ఆ తర్వాత గెలవడం.