నలుపు చూసి తీసేయకండి

మంగళవారం రాజోలు వైపు నుంచి వచ్చిన ఒక అమ్మాయికి స్కానింగ్ చేయించాను. కుడి అండాశయంలో చిన్న చిన్న ఫాలికిల్స్ మళ్లీ కనిపించాయి. ఈ వారం నాకు అంతకు మించిన సంతోషం లేదు. ఎందుకంటే రెండు నెలల కిందట ఆపరేషన్ టేబుల్ మీద నేను చూసినప్పుడు ఆ అండాశయం నేరేడుపండు రంగులో ఉంది.

ఆమెకు ఏడు సెంటీమీటర్ల డెర్మాయిడ్ సిస్టు ఉందని ముందే తెలుసు. ఒకరోజు రాత్రి భోజనాలయ్యాక నీళ్ల బిందె ఎత్తుతుంటే కుడివైపు పొత్తికడుపులో ఒక్కసారిగా నొప్పి పట్టేసింది. వెంటనే వాంతులు. ఊళ్లో ఇంజెక్షన్ చేయించారు. అర్ధరాత్రికి నొప్పి తగ్గింది, తెల్లారేసరికి రెట్టింపై తిరిగొచ్చింది. వైనతేయ దాటి అమలాపురం చేరేసరికి పది దాటింది. అప్పటికీ అత్తగారిది ఒకటే మాట: "గ్యాసేమోనండి డాక్టరమ్మగారూ. మధ్యలో తగ్గింది కూడానండి."

ఆ తగ్గడం గురించి ఈ కాలమ్‌లో ఎన్నిసార్లు రాశానో పాత పాఠకులకు తెలుసు. సిస్టు బరువుకి అండాశయం తన కాడ చుట్టూ తిరిగి మెలిపడుతుంది. ఒక్కోసారి కాస్త విడుతుంది, మళ్లీ పడుతుంది. విడినప్పుడు నొప్పి తగ్గుతుంది, దానికి ఇంజెక్షన్ తోడైతే రోగం పోయిందనే అనుకుంటారు. సిస్టు ఐదు సెంటీమీటర్లు దాటితే ఈ ప్రమాదం ఎక్కువ. ఎడమవైపు పెద్దపేగు అడ్డుండి అండాశయాన్ని అంతగా తిరగనివ్వదు కాబట్టి కుడివైపే ఎక్కువ చూస్తాం. అందుకే చాలామంది అపెండిసైటిస్ అనుకుంటారు.

మెలిపడిన కాడలో ముందు మూసుకుపోయేవి సిరలు, వాటి గోడలు పల్చన కనుక. ధమనుల గోడలు మందం, అవి కొంతసేపు తట్టుకుంటాయి. అంటే రక్తం లోపలికి వస్తూనే ఉంటుంది, బయటికి పోయే దారి ఉండదు. అండాశయం ఉబ్బుతుంది, కమిలిపోతుంది. ఆ ఉబ్బు ఒత్తిడికి చివరికి ధమని కూడా మూసుకుంటుంది. అక్కడి నుంచి కణాలు చావడం మొదలవుతుంది. ఈ మెలిని ఏ మందూ విప్పలేదు, చేత్తో విప్పాల్సిందే. ఆపరేషన్ రేపు పెట్టుకుందామని అనలేకపోవడానికి కారణం ఇదే.

ఆ అమ్మాయికి ముందు గర్భపరీక్ష చేశాం. ట్యూబులో గర్భం పగిలినా ఇలాగే ఉంటుంది మరి. లేదని తేలింది. స్కానింగ్‌లో అండాశయం బాగా ఉబ్బి, ఫాలికిల్స్ అంచులకు నెట్టుకుపోయి ఉన్నాయి. అయితే డాప్లర్‌లో రక్తప్రసరణ కనిపించింది. చాలాచోట్ల పొరపాటు ఇక్కడే జరుగుతుంది: "రక్తం ఆడుతోంది, మెలి లేదు" అని పంపేస్తారు. అండాశయానికి రక్తం రెండు దారుల్లో వస్తుంది. పైగా ధమని ఆఖరున మూసుకుంటుంది. కాబట్టి డాప్లర్ బాగున్నా మెలి ఉండొచ్చు. నొప్పి, వాంతులు, తెలిసిన సిస్టు, ఈ మూడూ కలిస్తే లోపల చూడాల్సిందే. లాపరోస్కోపీలో చూస్తే రెండున్నర చుట్లు తిరిగి ఉంది.

ఇంతవరకూ చదివినవాళ్లకు ఆలస్యమైతే ఇక అంతే అన్నట్టు అనిపించవచ్చు. నేను చెప్పాలనుకున్నది అది కాదు. మొదటి ఆరు నుంచి ఎనిమిది గంటల్లో వస్తే అవకాశం బాగా ఎక్కువ, నిజమే. కానీ ఆ గంటలు దాటాయని అండాశయం చచ్చినట్టు కాదు. పూర్వం నల్లబడితే తీసేసేవారు. మెలి విప్పితే గడ్డకట్టిన రక్తం ఊపిరితిత్తులకు పోతుందని భయం. ఆ భయానికి ఆధారం లేదని తర్వాత తేలింది. ఆ నలుపు చాలాసార్లు నిలిచిపోయిన రక్తానిదే. మెలి విప్పి కాసేపు ఆగాం. రంగు పూర్తిగా తిరిగి రాలేదు. అయినా ఉంచేశాం. అంత వాపులో సిస్టు ఒలిస్తే మంచి కణజాలం కూడా పోతుందని దాన్నీ ముట్టుకోలేదు. అది ఇప్పుడు, వాపు దిగాక తీస్తాం. నెలసరి ఆగిపోయిన వయసులో మాత్రం లెక్క వేరు. అక్కడ క్యాన్సర్ అనుమానం ఉంటుంది కనుక మామూలుగా తీసేయడమే మంచిది.

సిస్టు ఉందని తెలిసిన ఆడవాళ్లకు ఒక మనవి. ఒక పక్క హఠాత్తుగా నొప్పి వచ్చి వాంతులైతే ఏమీ తినకుండా, తాగకుండా, పాత స్కానింగ్ రిపోర్టు తీసుకుని ఆపరేషన్ థియేటర్ ఉన్న ఆసుపత్రికి అప్పటికప్పుడే వెళ్లండి. కొత్తపేట నుంచైనా, రాజోలు నుంచైనా 108కి ఫోన్ చేయండి. మధ్యలో నొప్పి తగ్గినా వెనక్కి తిరగొద్దు. ఒక రోజు గడిచిపోయినా సరే వెళ్లండి. సంతకం పెట్టే ముందు మాత్రం "అండాశయం ఉంచే వీలుందాండి?" అని సర్జన్‌ని అడగండి.