శ్రుతి మారినా స్వరం దొరకాలి

పిల్లను సంగీతంలో చేర్చిన కొద్ది రోజులకే "మా పాపకు పర్ఫెక్ట్ పిచ్ ఉందాండీ?" అని అడిగే తల్లిదండ్రులు ఈమధ్య ఎక్కువయ్యారు. ఏ ఆధారమూ లేకుండా, హార్మోనియం మెట్టు మోగగానే అది ఏ మెట్టో చెప్పగలగడమే ఈ పర్ఫెక్ట్ పిచ్, అంటే అబ్సల్యూట్ పిచ్. షడ్జం వినిపిస్తే దాన్నిబట్టి మిగతా స్వరాలు పోల్చుకోవడం రిలేటివ్ పిచ్. మన గురువులు స్వరజ్ఞానం అనేది ఈ రెండోదాన్నే.

మొదటిది చిన్నతనంలోనే పట్టుబడాలి. జపాన్‌లో అయాకో సకకిబార 2 నుంచి 6 ఏళ్లలోపు పిల్లలు 24 మందికి పియానో మీద కార్డ్స్, అంటే కొన్ని స్వరాలు కలిపి మోగించే గుచ్ఛాలు, వినిపించి ఒక్కోదానికి ఒక్కో రంగు జెండా చూపించమన్నారు. మధ్యలో మానేసిన ఇద్దరు తప్ప 22 మందీ ఆ విద్య సంపాదించారు. పెద్దయ్యాక మొదలుపెట్టినవాళ్లలో ఇది చాలా అరుదు.

రెండోదానికి బీజం అందరిలోనూ ఉంది. ఆరు నెలల పసికందు సైతం అలవాటైన పాటను వేరే శ్రుతిలో విన్నా గుర్తుపడుతుందని ప్లాంటింగా, ట్రెయినర్ 2005లో చూపించారు. ఆ గుర్తింపుకు స్వరాల పేర్లు జోడించుకోవడం ఏ వయసులోనైనా సాధనతో వస్తుంది.

మన పాటకు కావలసింది ఏదో హార్మోనియం మీదే తేల్చుకోవచ్చు. ఒకటి శ్రుతిలో మోహన వాయించండి. స రి గ ప ద, అన్నీ తెల్లమెట్లే. ఇప్పుడు శ్రుతిపెట్టె మూడుకు మార్చి, మోహనలో గాంధారమైన మెట్టును షడ్జంగా పట్టుకుని అవే ఐదు మెట్లు వాయించండి. హిందోళం పలుకుతుంది. అందులో పంచమం లేదు కాబట్టి మధ్యమ శ్రుతి పెట్టుకోవాలి. ఇందాక పంచమమైన మెట్టు ఇప్పుడు సాధారణ గాంధారం. మెట్టు పేరు ఒక్కటే తెలిసినవాడికి ఈ తేడా అందదు. ఆధారస్వరం 'సి' నుంచి మారితే, అబ్సల్యూట్ పిచ్ ఉన్నవాళ్లు స్వరాంతరాలు చెప్పడంలో తడబడతారని మియజాకి 1993లోనే గమనించారు.

అందుకని సాధన ఇలా చేయించండి. తంబూర పెట్టి పిల్ల చేత షడ్జం పాడించి, ఒక్క స్వరం వాయించి పేరు అడగండి. మొదట పంచమానికీ తారషడ్జానికీ పొరపాటు పడుతుంది. అప్పుడు జవాబు చెప్పేయకుండా, ఆ స్వరం నుంచి షడ్జానికి మెట్టుమెట్టుగా దిగి రమ్మనండి. తప్పు తనే పట్టుకుంటుంది. వారం తర్వాత శ్రుతి మార్చి అదే పరీక్ష పెట్టండి. కొత్త శ్రుతిలో తప్పులు హఠాత్తుగా పెరిగితే, పిల్ల స్వరాన్ని కాక మెట్టును బట్టీ పట్టిందని అర్థం.

పర్ఫెక్ట్ పిచ్ ఉంటే మంచిదే, లేకపోయినా రాగానికి లోటు లేదు. రోజూ పెట్టాల్సిన శ్రద్ధ స్వరజ్ఞానం మీదే.