ఇచ్చారా? ఇస్తారా?

అమలాపురంలో సాయంత్రం పూట పెద్దవాళ్ళకి ఇంగ్లీషు మాట్లాడటం నేర్పే టీచరుగారొకరున్నారు. హైస్కూల్లో పనిచేసి రిటైరయ్యారు. పేరు రాయొద్దన్నారు కాబట్టి టీచరుగారనే అంటాను. ఆవిడ దగ్గరికి వచ్చేవాళ్ళలో ఎక్కువమంది రాజోలు, మలికిపురం వైపు నుంచి గల్ఫ్ ఇళ్ళల్లో పనికి వెళ్ళబోయే ఆడవాళ్ళు. అంబాజీపేటలో కొబ్బరి వ్యాపారం చేసే మగవాళ్ళు ఒకరిద్దరు. అందరూ ఎప్పుడో చదువు ఆపేసినవాళ్ళే. తెలుగులో ఊరంతటినీ గడగడలాడించే మనిషి కూడా ఇక్కడికొచ్చేసరికి గొంతు తగ్గించి, పక్కవాళ్ళ వైపు ఓసారి చూసుకుని మరీ నోరు విప్పుతుంది.

అలాంటి నోటి నుంచి వచ్చిన తప్పుని ఎప్పుడు, ఎలా పట్టుకోవాలన్నదే ఆవిడ పనితనం. ఒక్క ఉదాహరణ చాలు.

ఆ రోజు టీచరుగారు గల్ఫ్ ఇంటి యజమానురాలి వేషం కట్టారు. ఎదురుగా నలభై దాటిన ఒకావిడ. ఇంట్లో మంచం పట్టిన ముసలమ్మ ఉంది, మధ్యాహ్నం బీపీ మాత్ర వేయాలి. యజమానురాలు బయటి నుంచి వచ్చి మాత్ర సంగతి అడిగింది. జవాబు: ‘ఐ గివ్ టాబ్లెట్, మేడమ్.’

ఈ వాక్యంలో తప్పులు రెండున్నాయి. టాబ్లెట్ ముందు ‘ద’ లేదు. ‘గేవ్’ అనాల్సిన చోట ‘గివ్’ ఉంది. మొదటిదాన్ని టీచరుగారు చెవిన వేసుకోనే లేదు. తెలుగులో అలాంటి ముక్క లేదు, అది అలవడటానికి చాలా కాలం పడుతుంది, అది లేకపోయినా ఎవరికీ నష్టం లేదు. రెండోది అలా కాదు. ఇచ్చేసిందా, ఇప్పుడు ఇస్తుందా? వినేవాళ్ళకి తేలకపోతే ముసలమ్మకి రెండో మాత్ర పడొచ్చు, లేదా అసలు పడకపోవచ్చు. ఇచ్చానికీ ఇస్తానికీ తేడా ఆవిడకి తెలీదా? తెలుగులో ఒక్కనాడూ పొరబడలేదు. ఇంగ్లీషులో మాత్రం ఆవిడకి చిక్కిన మాట ‘గివ్’ ఒక్కటే. మూడు కాలాలకీ దాన్నే వాడుతోంది. ఆవిడకి లేనిది గ్రామర్ జ్ఞానం కాదు, సమయానికి నోటికి అందే రెండో మాట.

ఇక్కడ చాలామంది మంచి టీచర్లు చేసే పని ఒకటుంది. నవ్వుతూ, మెత్తగా ‘ఓ, యు గేవ్ ద టాబ్లెట్’ అని సరైన వాక్యాన్ని తిరిగి అనేస్తారు. ఎవరినీ నొప్పించదు, అందుకే అందరికీ ఇష్టం. చిక్కేమిటంటే, నేర్చుకునే మనిషి దాన్ని దిద్దుబాటుగా వినదు. తాను చెప్పింది అర్థమైందని సంతోషించి ‘యెస్ మేడమ్’ అని ముందుకు సాగిపోతుంది. కెనడాలోని మాంట్రియల్ ప్రాంతంలో పిల్లల ఫ్రెంచి తరగతుల్ని రికార్డు చేసి, రాయ్ లిస్టర్, లీలా రాంటా 1997లో అచ్చువేసిన పరిశోధనలో ఇదే తేలింది. టీచర్లు చేసిన దిద్దుబాట్లలో సగానికి పైగా ఈ రకమే. వాటిలో మూడింట ఒక వంతుకి కూడా పిల్లల నుంచి ఉలుకూ పలుకూ లేదు. సరైన మాటని పిల్లల నోటి నుంచే రాబట్టిన చోట మాత్రం ప్రతిసారీ ఏదో ఒక స్పందన వచ్చింది. వాళ్ళు పిల్లలు, వీళ్ళు పెద్దలు, నిజమే. కానీ ఆ ‘యెస్ మేడమ్’ అమలాపురంలోనూ అచ్చం అలాగే వినిపిస్తుంది.

మన టీచరుగారు యజమానురాలి వేషం తీయలేదు. మాత్ర గురించి కంగారుపడుతున్నదానిలా కనుబొమలు ముడిచి, ‘గివ్? నౌ? ఆర్ బిఫోర్?’ అని అడిగారు. అంతే, ఆగిపోయారు.

ఆ ఆగడమే నాకు అన్నిటికంటే నచ్చింది. తరగతి గదుల్లో టీచర్లు ప్రశ్న వేశాక సగటున ఒక్క సెకను మించి ఓపిక పట్టరనీ, మూడు సెకన్లు ఆగితే జవాబులే మారిపోతాయనీ అమెరికాలో మేరీ బడ్ రో అనే ఆవిడ 1970ల్లోనే చూపించింది. మూడు సెకన్లు చెప్పుకోవడానికి చిన్నవి. బిడియపడే మనిషి ఎదుట మౌనంగా కూర్చుని చూడండి, ఎంత పొడుగో తెలుస్తుంది. టీచరుగారు ఆ సమయంలో ఆవిడ ముఖంలోకి చూడరు. బల్లమీదున్న మాత్రల పెట్టె వైపు చూస్తారు. వెనక నుంచి ఎవరో అందివ్వబోతే చేత్తో వారించారు.

‘బిఫోర్, మేడమ్. ఐ... గేవ్. గేవ్ టాబ్లెట్.’

‘గుడ్. థాంక్యూ’ అని యజమానురాలు హాయిగా కూర్చుంది. గ్రామర్ అన్న మాట గదిలో వినబడలేదు. జవాబు చెప్పినావిడ లెక్కలో జరిగింది పరీక్ష కాదు, ఎదుటి మనిషి అనుమానం తీర్చడం. పరువు పోవడానికి అక్కడ చోటేది?

ఒకవేళ మూడు సెకన్లు గడిచినా మాట రాకపోతే, అదే ప్రశ్నని తేలిక చేస్తారు: ‘గివ్ ఆర్ గేవ్?’ రెండిట్లో ఒకటి ఏరుకోవడం ఎంత బిడియస్థులకైనా వీలవుతుంది. అదీ కుదరకపోతే తానే చెప్పేసి కథ నడిపిస్తారు. ఒక మనిషిని ఒకే తప్పు మీద రెండోసారి నిలబెట్టరు.

కథ చెబుతున్నప్పుడైతే పద్ధతి వేరు. ఎవరైనా నిన్నటి పెళ్ళి ముచ్చట చెప్పడం మొదలెడితే మధ్యలో ఆపరు. మన వైపు మాటల మధ్య ‘ఆయ్’ అని ఊకొడతామే, అదే కొడుతూ చేతిలో కాగితం మీద తప్పులు రాసుకుంటారు. చివరి పది నిమిషాల్లో వాటిలోంచి మూడు వాక్యాలు బోర్డెక్కుతాయి. పేర్లుండవు. మూడిట్లో ఒకటి తప్పు లేనిది, ఎవరో బాగా చెప్పింది. ఏది సరైనదో, మిగతావి ఎలా దిద్దాలో జంటలుగా కూర్చుని తేల్చుకోవాలి. తన వాక్యాన్ని గుర్తుపట్టినావిడ లోలోపల నవ్వుకుంటుంది, దిద్దేది కూడా తనే.

పట్టించుకోని తప్పులూ ఉన్నాయి. ‘షి గోస్’ బదులు ‘షి గో’ అంటే వదిలేస్తారు. ఆ చివరి ‘స్’ ఏ దేశంవాళ్ళకైనా బాగా ఆలస్యంగా నాలుక మీద నిలుస్తుందని 1970ల నుంచీ పరిశోధకులు చెబుతున్నదే. ముందే పట్టుబడితే మాట నత్తి పడుతుంది తప్ప ‘స్’ రాదు. అసలు తప్పులు దిద్దనే వద్దు, మాట్లాడితే చాలు అనే వర్గం ఒకటుంది. నాకు అది నచ్చదు. అలా వదిలేస్తే పదేళ్ళ తర్వాత కూడా ‘గివ్’ దగ్గరే ఉండిపోతారు. టీచరుగారిది వదిలేయడం కాదు, ఏరడం.

దిద్దుబాటు మోతాదు మించిందని ఎలా తెలుస్తుంది? జవాబులు పొట్టివవుతాయి. నిన్న ఐదు మాటలు చెప్పినావిడ ఈ రోజు ‘యెస్’ తో సరిపెడుతుంది, వెనక వరసలోకి జరుగుతుంది, ప్రతి వాక్యం చివరా టీచరు ముఖం చూస్తుంది. అప్పుడు రెండు రోజులు దిద్దడం మానేస్తారు. పని చేస్తోందనడానికి గుర్తు వేరు. వారం తర్వాత వంట గురించి మాట్లాడుతూ అదే ఆవిడ ‘ఐ గివ్... గేవ్ రైస్ టు చిల్డ్రన్’ అంది. ఎవరూ అడగలేదు, తనే ఆగి తనే మార్చుకుంది. ఆ తర్వాత ‘డిడ్ నాట్ గేవ్’ అని కూడా అంది. టీచరుగారు దానికి ముచ్చటపడ్డారు. కొత్తగా చిక్కిన మాటని అవసరం లేని చోట కూడా వాడటం ఎదుగుదలలో భాగమే, దాని పని తర్వాత పడతారు.

ఈ పద్ధతికి హద్దుంది. పన్నెండుమంది దాటితే సాగదు. అందరి మాటా వినాలి, ఎవరి తప్పు ఏదో గుర్తుండాలి. రాత పరీక్షకి తయారయ్యేవాళ్ళకి ఇది సరిపోదని టీచరుగారే చెప్పి పంపించేస్తారు.

మీ ఇంట్లో అమ్మో అత్తగారో ఇంగ్లీషులో నాలుగు మాటలు మొదలుపెడితే, తప్పు వినబడిన ప్రతిచోటా ఆపకండి. అర్థం కాని చోట మాత్రం నిజంగానే అర్థం కానట్టు అడిగి, మూడు సెకన్లు ఆగండి.