సంచీని మళ్లీ తగిలించిన దొంగ

సీబీఎస్‌ఈ పన్నెండో తరగతి ఇంగ్లిష్ పేపర్లో 5 మార్కుల ప్రశ్నకు 120 నుంచి 150 పదాల్లో జవాబు రాయాలి. అంత చిన్న చోటులో ఒక మనిషిని నిలబెట్టడానికి ‘ఫ్లెమింగో’ పాఠ్యపుస్తకంలోని ‘ద రాట్‌ట్రాప్’ ఎంతో అనువైన పాఠం. 1909లో నోబెల్ బహుమతి అందుకున్న స్వీడన్ రచయిత్రి సెల్మా లాగర్‌లాఫ్ కథ అది.

ఎలుకబోన్లు అమ్ముకుంటూ తిరిగే ఆ మనిషికి కథలో సొంత పేరు లేదు. పాత్ర చిత్రణ అడిగితే చాలామంది పేదవాడు, ఒంటరివాడు, దొంగ, చివరికి మంచివాడయ్యాడు అని వరసగా రాసేస్తారు. కానీ లాగర్‌లాఫ్ పనితనమంతా అతని చేతుల్లో ఉంది. రాత్రి గంజి పోసి, పొగాకిచ్చి, నిద్రవేళ దాకా పేకాడిన ముసలాయన ఇంటికి అతను మర్నాడు తిరిగొస్తాడు. కిటికీ అద్దం పగలగొట్టి తోలుసంచీలోని ముప్పై క్రోనర్లు తీసుకుంటాడు. ఖాళీ అయిన సంచీని మాత్రం జాగ్రత్తగా ఉన్నచోటే తగిలించి వెళ్తాడు. తొందరపాటు లేదు, కసి లేదు. ఇంకా పూర్తిగా చెడిపోని మనిషి అక్కడ నాకు కనిపిస్తాడు. ఈ చిన్న పనిని ఎత్తి చూపిన జవాబుకు ‘సంక్లిష్టమైన పాత్ర’ అనే పెద్దమాట అక్కర్లేదు.

ఇతివృత్తం ప్రశ్న అడిగినప్పుడే అసలు చిక్కు. దయ మనిషిని మారుస్తుందని రాసి ఊరుకుంటే కథే అడ్డం తిరుగుతుంది, ఎందుకంటే ముసలాయనా దయ చూపాడు, అయినా దొంగతనం జరిగింది. మరి అతన్ని మార్చిన ఎడ్లా చేసిందేమిటి? ఆమె తండ్రి, ఇనుప కర్మాగారం యజమాని, మసక వెలుతురులో ఇతన్ని పాత సైనిక మిత్రుడనుకుని ఇంటికి పిలిచాడు. స్నానం, క్షవరం అయ్యాక పగటి వెలుగులో అసలు సంగతి బయటపడి వెళ్లిపొమ్మన్నాడు. అప్పుడు అడ్డుపడి, క్రిస్మస్ పూట ఉండమన్నది ఎడ్లాయే. అతనెవరో తెలిశాక కూడా మర్యాద తగ్గించలేదు. ముసలాయన దగ్గర దొరికింది ఆదరణ, ఎడ్లా దగ్గర దొరికింది గౌరవం. మంచి జవాబు ఈ తేడా దగ్గరే ఆగి మాట్లాడుతుంది.

ఈ తేడాకు సాక్ష్యం కూడా కథలోనే ఉంది. వెళ్తూ అతను వదిలిన పొట్లంలో ఓ చిన్న ఎలుకబోను, నలిగిన మూడు పది క్రోనర్ల నోట్లు, ఒక ఉత్తరం ఉంటాయి. ఉత్తరం కింద సంతకం కెప్టెన్ వాన్ స్టాలే అని. ముందు యజమాని పొరపాటున అంటగట్టిన ఆ పేరును ఇప్పుడు తనంతట తాను తీసుకున్నాడు. పాత్ర చిత్రణ అడిగినా, ఇతివృత్తం అడిగినా కథ మొత్తం తిరిగి చెప్పకుండా సంచీ, ఎడ్లా మాట, సంతకం ఈ మూడింటినే పట్టుకుంటే 150 పదాలు సరిపోతాయి. పాత్ర చిత్రణలో సంచీకి ఎక్కువ చోటివ్వాలి, ఇతివృత్తంలో ఎడ్లాకు.