పుంటికూరకు ఏ పప్పు?

వానలు పడి కందుకూరు చుట్టుపక్కల పుంటికూర కట్టలు చవకయ్యాయంటే నాకు ఒక ఫిర్యాదు వినబడటం మొదలవుతుంది. "ఆరు విజిల్స్ వచ్చినా పప్పు పలుకుపలుకుగానే ఉందక్కా!" తిట్లన్నీ కిరాణా కొట్టాయనకే. పాత సరుకు అంటగట్టాడంటారు. ఒక్కోసారి అది నిజమే కావచ్చు. చాలాసార్లు మాత్రం దోషం కుక్కరులో ఏది ముందు పడింది, ఏది వెనక పడింది అన్నదానిలో ఉంటుంది.

పప్పుబద్దలోని కణాలను అతికించి పట్టుకునేది పెక్టిన్ అనే జిగురు పదార్థం. వేడినీళ్ళలో అది కరిగితేనే కణాలు విడిపోయి బద్ద మెత్తబడుతుంది. పులుపు తగిలితే ఆ జిగురు అంత తేలిగ్గా కరగదు. పుంటికూరను పప్పుతో కలిపి కుక్కరులో పెట్టారంటే బద్ద సగంలోనే బిగుసుకుంటుంది. ఇంకో మూడు విజిల్స్ రానిచ్చినా ఆకు నలుగుతుందే గాని బద్ద నలగదు. చింతపండుతోనూ మామిడికాయతోనూ ఇదే తంటా.

కందిపప్పుతో నేను చేసే తీరు ఇది. గ్లాసు పప్పు కడిగి అరగంట నానబెడతాను. మూడు గ్లాసుల నీళ్ళు, చిటికెడు పసుపు, చెంచా నూనె వేస్తాను. నూనె వల్ల నురగ పొంగి విజిల్ రంధ్రానికి అడ్డం పడటం తగ్గుతుంది. మొదటి విజిల్ వచ్చాక మంట తగ్గించి ఎనిమిది, పది నిమిషాలు ఉంచుతాను. విజిల్స్ లెక్కపెట్టడం నాకు నమ్మకం లేని పద్ధతి; మంట పెద్దదైతే అవి ఊరికే కూస్తాయి. మూత తీశాక ఒక బద్దను బొటనవేలితో నొక్కి చూడాలి. నడుమ తెల్లటి గట్టి పలుకు తగిలితే ఇంకా ఉడకాల్సిందే. తగలకపోతే అప్పుడు పప్పు మెదిపి, విడిగా నూనెలో పచ్చిమిర్చితో మగ్గించిన పుంటికూర కలిపి, అయిదు నిమిషాలు ఉడకనిస్తే చాలు. కుక్కరు లేకుండా గిన్నెలో అయితే ఇదే పప్పుకు ముప్పావు గంట దాకా పట్టొచ్చు.

ఇక్కడ బోరు నీళ్ళ సంగతీ చెప్పుకోవాలి. గిన్నె అడుగున తెల్లటి పొర కట్టే నీళ్ళలో కాల్షియం ఎక్కువ. అది ఆ జిగురును ఇంకా గట్టిపరుస్తుంది. అందుకే పప్పుకు భగీరథ నల్లా నీళ్ళో, ఫిల్టర్ నీళ్ళో వాడటం మేలు. వేడికీ తేమకూ నెలల తరబడి నిలవున్న పప్పు కూడా ఇలాగే మొండికేస్తుంది. ఎంత నానబెట్టినా కొంతవరకే దారికొస్తుంది. వంటసోడా చిటికెడు వేస్తే మెత్తబడే మాట నిజమే గాని రుచి సబ్బు వైపు మళ్ళుతుంది. బి1 విటమిను కూడా తగ్గుతుంది. నేను వేయను.

మసూర్ పప్పుకు నానబెట్టే పనే లేదు. బద్ద చిన్నది, పలుచన. గిన్నెలోనే పావు గంట, ఇరవై నిమిషాల్లో ఆకారం పోయి జావలా కలిసిపోతుంది. హైదరాబాద్ వాళ్ళ ఖట్టీ దాల్‌కు అది బాగుంటుంది. పుంటికూరలో వేస్తే మాత్రం పప్పు ఉన్నట్టే అనిపించదు, పులుసు చిక్కబడ్డట్టుంటుంది. పొద్దున ఆఫీసు తొందరలో ఉన్నవాళ్ళకు అదే దారి అంటే కాదనను.

పెసరపప్పుకూ నానబెట్టే అవసరం లేదు. దోరగా వేయించి వేస్తే వాసనొస్తుంది, బద్ద కాస్త నిలబడుతుంది కూడా. ఇరవై, ఇరవై అయిదు నిమిషాల్లో ఉడుకుతుంది. అసలు నానితే చాలు, పొయ్యి ఎక్కకుండానే తినగలిగే పప్పు ఇది. శ్రీరామనవమి వడపప్పు అదేగా. కాకపోతే దాని తియ్యదనం పుంటికూర పులుపు ముందు నిలవదు. దాన్ని బీరకాయకో పాలకూరకో వదిలేయడం నయం.

శనగపప్పు దగ్గరే అసలు ఓపిక కావాలి. నాలుగింటిలో మందం దీనిదే. నానబెట్టకుండా గిన్నెలో పెడితే గంట దాటుతుంది. గంటో రెండు గంటలో నానితే ముప్పావు గంటకు దిగొస్తుంది. అయినా కందిపప్పులా కరిగిపోదు, బద్ద బద్దగానే ఉండి నోట్లో నలుగుతుంది. దాల్చాలో సొరకాయ పక్కన అది నిలిచేది అందుకే. పుంటికూరలో కూడా పంటికి తగలాలనుకునేవాళ్ళకు ఇదే సరైన పప్పు. అయితే బద్దలు ఎలాగూ విడిగా ఉండాలి కదా అని కొందరు సగం ఉడికాకే ఆకు వేసేస్తారు. అక్కడే దెబ్బతింటారు. బద్ద నిలబడి ఉండటం వేరు, లోపల గట్టిగా ఉండటం వేరు. పులుపు పడ్డాక ఆ గట్టితనం ఇక పోదు గనక, వేళ్ళ మధ్య పూర్తిగా నలిగాకే ఆకు కలపాలి. బచ్చాల కోసం ఉడికించేటప్పుడు కూడా పరీక్ష ఇదే. వేళ్ళతో నొక్కగానే పొడిపొడిగా నలగాలి, కట్టులో కరిగిపోకూడదు. ఆ కట్టు వడగట్టి చారుకు దాచుకోండి, చింతపండు అందులో ఎప్పుడు వేసినా ఇబ్బంది లేదు.