నిర్మాణ ఎంపికకు హేతువు: సాఫ్ట్‌వేర్ రూపకల్పన పత్రంలో సమర్థన భాగం – పునర్లేఖన పరిశీలన

1. ప్రవేశిక

సాఫ్ట్‌వేర్ రూపకల్పన పత్రంలో ఒక నిర్మాణాన్ని ఎందుకు ఎంచుకున్నారో చెప్పే భాగం చాలా చిన్నది. తరచుగా అది ఒకటి రెండు పేరాలకు మించదు. నిధులు మంజూరు చేసే అధికారి మాత్రం శ్రద్ధగా చదివేది ఆ భాగాన్నే. రాసిన వ్యక్తి ఇంజనీరు, చదివే వ్యక్తి ఇంజనీరు కాకపోవచ్చు. అందువల్ల అందులోని ప్రతి వాక్యం నిజమే అయినా, నిర్ణయానికి అవసరమైన విషయం పాఠకునికి చేరకుండా పోయే ప్రమాదం ఉంది.

ఇటువంటి నిర్ణయాలను నమోదు చేయడానికి మైకేల్ నైగార్డ్ 2011లో ఒక క్లుప్తమైన నమూనాను ప్రతిపాదించాడు. సందర్భం, నిర్ణయం, స్థితి, పర్యవసానాలు అనేవి అందులోని ముఖ్య విభాగాలు. పర్యవసానాలలో అనుకూలమైన వాటినే కాక అన్నింటినీ రాయాలని ఆయన సూచన. ఈ నమూనా విస్తృతంగా వాడుకలోకి వచ్చింది. అయితే శీర్షిక ఏర్పడినంత మాత్రాన దాని కింది వాక్యం మారదు. ఆ వాక్యాన్ని ఎలా మార్చాలన్నదే ఈ వ్యాసంలో పరిశీలనాంశం.

2. పరిశీలనకు ఆధారమైన సందర్భం

అమెజాన్ ప్రైమ్ వీడియో సంస్థకు చెందిన ఇంజనీర్లు 2023 మార్చిలో తమ అనుభవాన్ని బహిరంగంగా ప్రకటించారు. ప్రసారమవుతున్న వీడియోలలో చిత్రం ఆగిపోవడం, ధ్వని, దృశ్యం పొంతన తప్పడం వంటి లోపాలను కనిపెట్టే పర్యవేక్షణ వ్యవస్థ వారిది. మొదట దానిని విడివిడి భాగాలుగా నిర్మించారు. వీడియోను చిత్రాలుగా మార్చేది ఒక భాగం, లోపాలను వెతికేవి మరికొన్ని భాగాలు. వీటి మధ్య పని క్రమాన్ని నడిపే బాధ్యతను స్టెప్ ఫంక్షన్స్ అనే క్లౌడ్ సేవకు అప్పగించారు. చిత్రాలను ఒక భాగం నుంచి మరొక భాగానికి చేర్చడానికి ఎస్3 అనే నిల్వ సేవను మధ్యలో ఉంచారు.

ఈ ఎంపిక వల్ల వ్యవస్థ త్వరగా సిద్ధమైంది. ప్రతి భాగాన్ని అవసరాన్ని బట్టి విడిగా విస్తరించవచ్చుననేది సిద్ధాంతరీత్యా సరైన మాటే. కానీ ఆశించిన భారంలో సుమారు 5 శాతం వద్దే వ్యవస్థ తన పరిమితిని తాకింది. ప్రసారంలోని ప్రతి సెకనుకూ పని క్రమంలో అనేక దశ మార్పులు జరగడం ఒక కారణం. ఆ సేవకు రుసుము దశ మార్పుల లెక్కన పడుతుంది. నిల్వ సేవకు పంపే అభ్యర్థనల సంఖ్య ఖర్చుకు రెండవ కారణం. తరువాత అన్ని భాగాలనూ ఒకే ప్రక్రియలోకి తెచ్చి, చిత్రాలు యంత్ర స్మృతిలోనే చేతులు మారేలా చేశారు. మౌలిక వసతుల ఖర్చు 90 శాతానికి పైగా తగ్గిందని వారు తెలిపారు.

3. సమర్థన వాక్యంలోని లోపం

ఇటువంటి వ్యవస్థకు సాధారణంగా కనిపించే సమర్థన పేరాను ఇలా ఊహించవచ్చు. ఇది పరిశీలన కోసం కూర్చిన పాఠమే తప్ప ఆ సంస్థ పత్రంలోనిది కాదు.

"విస్తరణ సౌలభ్యం, నిర్వహణ సౌలభ్యం దృష్ట్యా విభజిత నిర్మాణం ఎంపిక చేయబడింది. ప్రారంభ దశలో కొంత అదనపు వ్యయం ఉన్నప్పటికీ, దీర్ఘకాలంలో ఇది మెరుగైన ఫలితాలను ఇస్తుంది."

ఈ పేరాలో మూడు లోపాలు ఉన్నాయి. మొదటిది, 'విభజిత నిర్మాణం' ఉన్న చోట 'ఏకీకృత నిర్మాణం' అని మార్చి చదివినా పేరా చెక్కుచెదరదు. ప్రత్యామ్నాయానికి కూడా అంతే చక్కగా అతికే వాక్యం హేతువు కాలేదు. రెండవది, 'చేయబడింది' అనే కర్మణి ప్రయోగం కర్తను మరుగుపరుస్తుంది. ఎవరు, ఏ ప్రత్యామ్నాయాన్ని, ఎందుకు కాదన్నారో పాఠకుడు అడగలేడు. మూడవది అన్నింటికంటే సూక్ష్మమైనది. తెలుగు వాక్యంలో ప్రధాన క్రియ చివరకు వస్తుంది, 'ఉన్నప్పటికీ' అనే ఉపవాక్యం ముందే ముగుస్తుంది. పాఠకుని మనస్సులో మిగిలేది చివరి మాట. ఇక్కడ వ్యయం ఉపవాక్యంలోను, ప్రయోజనం ప్రధాన వాక్యంలోను ఉన్నాయి. వ్యయాన్ని పేర్కొన్నామన్న తృప్తి రచయితకు దక్కుతుంది గాని, దాని బరువు పాఠకునికి తెలియదు.

4. పునర్లేఖనం

'కొంత వ్యయం' అన్న మాట స్థానంలో ఖర్చు దేనితో పాటు పెరుగుతుందో చెప్పాలి. ఉదాహరణకు సెకనుకు నాలుగు దశ మార్పులు జరుగుతాయని, వెయ్యి మార్పులకు 0.025 డాలర్ల రుసుము అని అనుకుందాం. ఒక గంట ప్రసారానికి 14,400 మార్పులు జరుగుతాయి, అంటే 0.36 డాలర్లు. వెయ్యి ప్రసారాలు ఒకేసారి నడిస్తే గంటకు 360 డాలర్లు. మొదటి సంఖ్యను మాత్రమే చూసిన అధికారికి అది చిల్లరగా కనిపిస్తుంది. రెండవ సంఖ్య కనిపించినప్పుడే నిర్ణయం నిర్ణయమవుతుంది. ఈ లెక్కను ఆధారం చేసుకొని పేరాను ఇలా తిరగరాయవచ్చు.

"రూపకల్పన బృందం విభజిత నిర్మాణాన్ని సిఫారసు చేస్తున్నది. సిద్ధంగా ఉన్న క్లౌడ్ సేవలను వాడడం వల్ల తొలి రూపం త్వరగా అందుతుంది. అయితే ఖర్చు ప్రసార సమయంతోనూ ప్రసారాల సంఖ్యతోనూ పెరుగుతుంది. సెకనుకు నాలుగు దశ మార్పుల అంచనాతో, వెయ్యి ప్రసారాలకు పని క్రమ సేవ రుసుమే గంటకు 360 డాలర్లు, నిల్వ సేవ ఖర్చు దీనికి అదనం. ఏకీకృత నిర్మాణంలో ఈ రుసుము ఉండదు. కానీ అన్ని పరీక్షలూ ఒకే యంత్రం సామర్థ్యానికి లోబడతాయి, నిర్మాణానికి ఎక్కువ కాలం పడుతుంది. ఏకకాల ప్రసారాలు వంద దాటితే ఈ నిర్ణయాన్ని పునఃపరిశీలించాలి."

ఇందులో సిఫారసు మారలేదు. కర్త కనిపించాడు, వ్యయం స్వతంత్ర వాక్యమైంది, కాదన్న మార్గానికీ లాభనష్టాలు దక్కాయి. చివరి వాక్యం నిర్ణయానికి గడువును పెట్టింది. పైన పేర్కొన్న సందర్భంలో 5 శాతం వద్ద ఎదురైన అవరోధాన్ని అటువంటి వాక్యం ఆపలేకపోవచ్చు. కానీ ఏ సంఖ్యను గమనిస్తూ ఉండాలో ముందే తెలిపి ఉండేది.

5. పరిమితులు

సంఖ్య కూడా మభ్యపెట్టగలదు. సెకనుకు నాలుగు మార్పులన్నది అంచనా. అది ఎనిమిదైతే ఖర్చు రెట్టింపవుతుంది. అందుకే అంచనాను ఫలితం పక్కనే, అదే వాక్యంలో ఉంచడం అవసరం. అనుబంధంలోకి నెట్టిన అంచనాను అధికారి చదవడు. అంతేకాక, కొన్ని భేదాలను డబ్బులోకి మార్చలేము. ఒక భాగం చెడితే మిగిలినవి నిలుస్తాయా అన్నది అటువంటిది. దానికి కల్పిత సంఖ్యను తగిలించడం కంటే, ఏది ఆగితే వినియోగదారునికి ఏమి కనిపించదో మాటలలో చెప్పడమే నిజాయితీ.

పై సందర్భాన్ని ఏకీకృత నిర్మాణపు విజయంగా చదవడమూ పొరపాటే. ఆ ఇంజనీర్లు సైతం పరీక్షల సంఖ్య ఒక యంత్రానికి మించినప్పుడు వ్యవస్థను పలు ప్రతులుగా నడిపి, ఒక్కొక్క ప్రతికి కొన్ని పరీక్షలను మాత్రమే కేటాయించవలసి వచ్చింది. వారు ఒక ఖర్చును వదిలించుకొని మరొకదాన్ని స్వీకరించారు.

6. ముగింపు

సమర్థన భాగం నిర్ణయాన్ని అందంగా చూపవలసిన పాఠం కాదు, దాన్ని కాదనడానికి కావలసినంత సమాచారాన్ని అధికారి చేతిలో పెట్టవలసిన పాఠం. పునర్లేఖనం పూర్తయిందో లేదో తెలుసుకోవడానికి ఒక పరీక్ష చాలు. ఆ పేరాను మాత్రమే చదివిన వ్యక్తి 'ఈ ఖర్చుకు నేను ఒప్పుకోను' అని కారణం చూపి అనగలగాలి. అలా అనగలిగిన తరువాత ఇచ్చిన అంగీకారమే అంగీకారం.